చీరకు ధర కట్టడం గురించి: సుజాతకు పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మంగళగిరి బిల్లూ, నువ్వు రాసుకున్న ధరల కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. చీరలు బాగా ఏరావు. నిజాం అంచు ఉన్న ఆ ఆకుపచ్చ కాటన్ చీర ఫొటోలోనే నాకు నచ్చింది. అయితే ధర దగ్గర ఒక సంగతి అమ్మకాలు మొదలుపెట్టకముందే సరిచేసుకోవాలి. "ముప్పై శాతం లాభం చూసుకుని ధర వేశాను పెద్దమ్మా" అన్నావు కదా, నువ్వు వేసిన ధరకి నీకు మిగిలేది ముప్పై శాతం కాదు, ఇరవై మూడు శాతమే.

ఆ ఆకుపచ్చ చీరనే చూద్దాం. బిల్లులో 1,400, దాని మీద జీఎస్టీ 5 శాతం అంటే 70. ఇరవై చీరల పార్సిల్‌కి బస్సు చార్జీ, ఆటో కలిపి 500 అయింది కాబట్టి చీరకి 25. ఫాల్, పికో 90. కవరు, సంచి 15. మొత్తం నీకు పడింది 1,600. ఇంతవరకు లెక్క చక్కగా కట్టావు. కొత్తగా మొదలుపెట్టే చాలామంది బిల్లులో ఉన్న అంకె ఒక్కటే చూసుకుని ఫాల్ కూలీ, రవాణా వదిలేస్తారు, నువ్వు వదల్లేదు. ఆ తర్వాత 1,600కి ముప్పై శాతం అంటే 480 కలిపి 2,080 అని చీటీ రాశావు. తేడా అక్కడ వచ్చింది. 480 అనేది 1,600లో ముప్పై శాతమే, కాదనను. కానీ చీర అమ్మితే నీ చేతికి వచ్చేది 2,080. అందులో 480 ఎంతవుతుందో భాగించి చూడు, 23 శాతం దగ్గర ఆగుతుంది.

ఎలా చూసినా 480 రూపాయలే కదా, శాతం ఏదైతే ఏమిటి అనిపించవచ్చు. చీర ఒక్కటే అమ్మేదానివైతే నేనూ అదే అనేదాన్ని. కానీ నీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది: నెలకు లక్ష రూపాయల చీరలు అమ్మితే ముప్పై వేలు మిగులుతాయి, పద్దెనిమిది వేలు అప్పు కిస్తీకి, పన్నెండు వేలు ఇంటికి అని. లక్ష అన్నది అమ్మకం. అమ్మకంలో ముప్పై శాతం మిగలాలని నువ్వు లెక్క వేసుకున్నావు, ధర మాత్రం పడ్డ దాని మీద ముప్పై శాతం వేసి కట్టావు. ఈ ధరలతో లక్ష అమ్మితే మిగిలేది 23,000 పైచిలుకు. తక్కువైన ఏడు వేలు ఎవరూ తీసుకెళ్లలేదు, అవి అసలు రానేలేదు. కానీ కిస్తీ కట్టాలి, ఇల్లు నడవాలి కాబట్టి నువ్వు ముప్పై వేలూ తీస్తావు. ఆ ఏడు వేలు సరుకు కొనాల్సిన డబ్బులోంచి పోతాయి. నాలుగు నెలలు అలా జరిగితే దాదాపు 28,000, అంటే పదిహేడు చీరలు పడిన డబ్బు. అప్పుడు బీరువాలో అరలు ఖాళీ అవుతుంటాయి, అమ్మకం బాగానే ఉంది కదా మరి డబ్బేమైంది అని టెన్షన్ పడతావు. చిన్న కొట్లలో ఇది నేను చాలాసార్లు చూశాను. దొంగతనం అనుకుని పనిపిల్లని అనుమానించిన వాళ్లూ ఉన్నారు.

కాబట్టి ముప్పై శాతం అన్నది అమ్మకం ధరలోంచే రావాలి. అందుకు దారి తేలిక. అమ్మకం ధరని పది భాగాలు అనుకో. మూడు నీవి, ఏడు చీరకు పడిన డబ్బు. ఏడు భాగాలు 1,600 అయితే పది భాగాలు ఎంత? ఏడుతో భాగించి పదితో గుణించు, 2,286 వస్తుంది. కాలిక్యులేటర్‌లో అయితే 1600 ÷ 0.7 అని కొడితే చాలు. చీటీ మీద 2,290 అని రాయి. నువ్వు రాసిన దానికీ దీనికీ చీరకి 210 రూపాయల తేడా.

కొట్లో కాలిక్యులేటర్ చేతిలో లేనప్పుడు నేను వాడే పద్ధతి ఇంకొకటి ఉంది. అమ్మకంలో నాలుగో వంతు, అంటే పాతిక శాతం లాభం కావాలంటే పడ్డ ధరకి మూడో వంతు కలపాలి. ఐదో వంతు కావాలంటే నాలుగో వంతు కలపాలి. మూడో వంతు కావాలంటే సగం కలపాలి. సగం కావాలంటే పడినంతా మళ్లీ కలపాలి. ఎప్పుడూ ఒక అంకె కిందికి దిగుతావు, అంతే. 1,200 పడిన చీర మీద పాతిక శాతం కావాలా, మూడో వంతు 400 కలిపి 1,600. అందులో 400 సరిగ్గా నాలుగో వంతు. ధర కట్టాక ఒకసారి వెనక్కి చూసుకో. మిగిలేదాన్ని పడ్డ ధరతో కాకుండా అమ్మే ధరతో భాగించాలి. అనుకున్న శాతం వస్తే చీటీ అతికించు.

ఇక బేరం సంగతి. మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా ఎంతో కొంత తగ్గించమనే అడుగుతారు. పది శాతం తగ్గిస్తావనుకుందాం. నీ పాత ధర 2,080 మీద పది శాతం తగ్గిస్తే చేతికి వచ్చేది 1,872, మిగిలేది 272. కొన్నావిడకి తగ్గింది పదో వంతే, నీ లాభంలో మాత్రం దాదాపు సగం పోయింది. తగ్గింపు ఎప్పుడూ అమ్మకం ధర మీద లెక్క కడతారు, పోయేది మాత్రం నీ వాటాలోంచి. నేతగాడికి ఇచ్చిందీ, ఫాల్ కుట్టినావిడకి ఇచ్చిందీ వెనక్కి రాదు కదా. అందుకే ఎవరికి, ఎంతవరకు తగ్గించాలో ముందే అనుకో. పది శాతం తప్పదనుకుంటే 2,286ని 0.9తో భాగించి 2,540 అని చీటీ రాయి. పది శాతం తగ్గించి ఇచ్చినా నీ ముప్పై నీకు ఉంటుంది. నన్నడిగితే 2,290 అని రాసి ఒకే ధర అనడమే మేలు. నలుగురూ ఒకే లిఫ్ట్‌లో తిరిగే చోట ఒకరికి ఒక ధర, ఇంకొకరికి ఇంకో ధర అయితే మాట వస్తుంది.

మీ తోడికోడలు తన ఆఫీసులో అమ్మిపెడతానందట, పదిశాతం కమీషన్ ఇవ్వమందట. ఆవిడ అడిగేది అమ్మకం మీద పది శాతం. అలాంటప్పుడు నీ ముప్పై, ఆవిడ పది కలిసి నలభై, చీరకు మిగిలేది అరవై. 1600 ÷ 0.6 చేస్తే 2,667. అందులో ఆవిడకి 267, నీకు 800, చీరకి 1,600 సరిపోతాయి. అంత ధరకి అక్కడ ఆ చీర పోదనిపిస్తే నీ శాతం ఎంత తగ్గించుకుంటావో ఆవిడకి మాట ఇవ్వకముందే తేల్చుకో.

జీఎస్టీ గురించి ఇప్పుడే బెంగ వద్దు. నీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కొన్నప్పుడు కట్టిన 70 రూపాయలు వెనక్కి రావు, వాటిని చీరకు పడినదాంట్లో కలిపింది సరే. రేపు రిజిస్ట్రేషన్ చేయించుకుని పన్ను వెనక్కి తీసుకునే పద్ధతిలోకి వెళితే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఆ 70 తీసేసి 1,530 పడిందనుకోవాలి, దాన్ని 0.7తో భాగించి, వచ్చిన 2,186 మీద 5 శాతం కలపాలి. దగ్గర దగ్గర 2,295 అవుతుంది. ఆ పైన కలిపిన పన్ను ప్రభుత్వానిది, లాభం లెక్కలోకి దాన్ని రానీయకు.

ఇరవై చీరలూ అనుకున్న ధరకే పోవు, ఇది కూడా ముందే లెక్కలో పెట్టుకో. ఒకటి రంగు నచ్చక ఉండిపోతుంది, ఒకదానికి మడత దగ్గర మరక పడుతుంది. రెండు చీరలు చివరికి పడ్డ ధరకే ఇచ్చేశావనుకుందాం. పద్దెనిమిది 2,290 చొప్పున, రెండు 1,600 చొప్పున అమ్మితే మొత్తం 44,420 వస్తుంది. సరుకుకి పెట్టింది 32,000. మిగిలింది 12,420, అంటే 28 శాతం. మొత్తం మీద ముప్పై కావాలంటే మిగతా పద్దెనిమిదీ 2,360 దగ్గర అమ్మాలి. మొదటిసారి కాబట్టి 2,290కే అమ్మి చూడు. ఎన్ని మిగిలిపోతున్నాయో రెండు మూడు లాట్లు గడిచాక తెలుస్తుంది, అప్పుడు ఆ మేరకు పెంచుకోవచ్చు.

నెలాఖరున అమ్మకం మొత్తాన్ని 0.7తో గుణించు. ఆ నెల అమ్మిన చీరలకు పడిన డబ్బు మొత్తం దానికి దగ్గరగా ఉండాలి. దానికన్నా ఎక్కువుంటే ఎక్కడో తగ్గించి ఇచ్చావు, లేదా ఒక ఖర్చు చీరకి కలపడం మర్చిపోయావు. అందుకే చీటీ వెనక ప్రతి చీరకూ ఎంత పడిందో నీకు మాత్రమే అర్థమయ్యే గుర్తుతో రాసుకో.

అన్ని చీరలకూ ముప్పై శాతమే పెట్టాలని పట్టు పట్టకు. రేపు ధర్మవరం పట్టు తెస్తే, 15,000 పడిన చీరకి ముప్పై శాతం అంటే 21,430 అవుతుంది. అంత పెట్టేవాళ్లు నాలుగు కొట్లు తిరిగి, నేసే ఊళ్లో ధర కూడా కనుక్కుని మరీ కొంటారు. అక్కడ ఇరవై శాతానికి, అంటే నాలుగో వంతు కలిపి 18,750కి ఇచ్చినా చేతికి 3,750 వస్తుంది. నెల మొత్తం కలిపి ముప్పై రావడమే నీకు కావాలి. అలా ఒకదాని మీద తగ్గించుకుంటే ఇంకోదాని మీద ఎంత ఎక్కువ రావాలో కూడా అప్పుడే చూసుకో.

మీ వైపు వాళ్లు ఇలాంటి కాటన్ చీరకి 2,100 కన్నా ఎక్కువ పెట్టరంటావేమో. పెట్టకపోవచ్చు. అప్పుడు లెక్క పైనుంచి కిందికి కట్టు. 2,100లో ఏడు భాగాలు 1,470. ఫాల్, రవాణా, కవరు ఖర్చులు 130 తీసేస్తే 1,340. పన్నుతో కలిపి అంతకు మించి పెట్టి కొనకూడదు, అంటే బిల్లులో ధర 1,275 దాటకూడదు. ఆ ధరకి ఈ చీరే ఇమ్మని నేతవాళ్లని పిండకు, వాళ్ల కూలీ గిట్టదు. అంచు కాస్త చిన్నదో, జరీ తక్కువున్నదో చూపించమను, 1,275 లోపు ఉన్నవే పక్కన పెట్టించు. వచ్చే నెల మంగళగిరి వెళ్లేముందు ఈ అంకె ఫోనులో రాసుకుని వెళ్లు. నీ దగ్గరున్న ఇరవై చీరల చీటీలు మాత్రం ఈ వారంలోనే మార్చేసి, కొత్త ధరల కాగితం నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ