ఫోటోలో కందిన బుగ్గల ఎరుపు తగ్గించడం

ఫోటోలో బుగ్గలు బాగా ఎర్రగా వచ్చాయి. ఎరుపు తగ్గిస్తే ముఖం పాలిపోతోంది. ఎలా సరిచేయాలి?

ఎరుపు గాఢత తగ్గించే బదులు, ఆ ఎరుపును కొద్దిగా పసుపు వైపు జరపండి, అదీ బుగ్గల మీద మాత్రమే.

చర్మం రంగులో ఎరుపు, పసుపు కలిసే ఉంటాయి. బుగ్గలు కందినప్పుడు ఆ పాళ్లు ఎరుపు వైపు మొగ్గుతాయి. Saturation, అంటే రంగు గాఢత, తగ్గిస్తే ఎరుపుతో పాటు పసుపు కూడా పోతుంది, మిగిలేది బూడిద రంగు. ముఖం పాలిపోయేది అందుకే.

ఉదాహరణకు, ఫోటోషాప్‌లో Hue అంటే రంగు ఎటువైపు ఉందో చెప్పే కోణం; నుదుటి Hue 22°, బుగ్గ Hue 8° ఉందనుకుందాం. Hue/Saturation లేయర్ వేసి, Reds ఎంచుకుని, Hue ను +8 చేయండి. బుగ్గ 16° దగ్గరకు వస్తుంది, అక్కడ ఆపేయండి. బుగ్గలు, ముక్కు, చెవులు మామూలుగానే నుదుటికన్నా కాస్త ఎర్రగా ఉంటాయి కాబట్టి ఆ తేడా కొంత మిగలాలి. తర్వాత లేయర్ మాస్క్‌ను ఎంచుకుని Ctrl+I తో నల్లగా మార్చి, మెత్తటి తెల్ల బ్రష్‌తో కందిన చోట మాత్రమే నెమ్మదిగా రుద్దండి. పెదవుల మీదికి వెళ్తే అవి నారింజ రంగులోకి మారతాయి, జాగ్రత్త.

ముఖమంతా ఒకే రంగులోకి వస్తేనే ఎడిటింగ్ బాగా కుదిరినట్టు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా చేసిన ముఖం మైనపు బొమ్మలా కనిపిస్తుంది. ఫోటోను చిన్నదిగా చేసి చూడండి: బుగ్గలు ముఖంలోంచి విడిగా కనిపించకపోతే ఎరుపు తగినంత తగ్గినట్టే.