ప్రిన్సిపాల్‌కి పంపే ఆ ఒక్క లైను

చిన్నీ,

నువ్వు టీచర్ ఉద్యోగం కోసం స్కూళ్లకి పంపుతున్న మెసేజ్ చూశాను. పదిహేను లైన్లు ఉంది, అందులో కష్టపడి పనిచేస్తావని రెండుసార్లు ఉంది, ఏ సబ్జెక్టు చెబుతావో మాత్రం పన్నెండో లైనుకి గానీ తెలియలేదు. నేను పద్దెనిమిదేళ్లు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నదాన్ని, నా ఫోన్‌కి ఇలాంటివి మార్చి నెలలో రోజూ వచ్చేవి, సగం చదవకుండానే కిందకి జరిపేసేదాన్ని. తప్పే, కానీ చేసేదాన్ని.

ఒక సంగతి చెప్తాను విను. టీచర్ మానేస్తానంటే ప్రిన్సిపాల్ తలలో తిరిగేది పీరియడ్ల లెక్క. మా స్కూల్లో వారానికి 48 పీరియడ్లు, ఒక టీచర్‌కి 30 దాకా ఇచ్చేవాళ్లం. ఒక ఏడాది ఫిజికల్ సైన్స్ ఆవిడ వెళ్లిపోయింది. ఎనిమిది, తొమ్మిది, పది, ఒక్కో సెక్షనే, తరగతికి ఐదు చొప్పున పదిహేను పీరియడ్లు. పదిహేనుకి పూర్తి జీతం ఇస్తానంటే మేనేజ్‌మెంట్ ఊరుకుంటుందా? అందుకే ఆరు, ఏడు తరగతుల మ్యాథ్స్ కూడా చెప్పేవాళ్ల కోసం చూశాను. ఏడు చొప్పున పద్నాలుగు కలిస్తే ఇరవై తొమ్మిది, టైమ్‌టేబుల్ అతికిపోతుంది. ఆ రోజుల్లో ఒకమ్మాయి మెసేజ్‌లో "ఫిజికల్ సైన్స్, అవసరమైతే ఆరు, ఏడుకి మ్యాథ్స్" అని ఉంది. రెజ్యూమె తెరవకుండానే ఫోన్ చేశాను.

నీ బీఎడ్ మెథడ్స్ కూడా సరిగ్గా అవే కదా! అది నీ మెసేజ్‌లో ఎక్కడా లేదేంటే?

నేనైతే ఇలా రాస్తాను, ఇంగ్లీషులో పంపినా వరుస ఇదే ఉంచు:

"నమస్కారం మేడమ్. వచ్చే విద్యా సంవత్సరానికి మీ స్కూల్లో ఫిజికల్ సైన్స్ లేదా మ్యాథ్స్ టీచర్ ఖాళీ ఉందా అని అడగడానికి రాస్తున్నాను. బీఎస్సీ ఎంపీసీ, బీఎడ్, టెట్ పేపర్ 2. ఒక ఏడాది 6, 7 తరగతులకు మ్యాథ్స్, ఇంటర్న్‌షిప్‌లో 8, 9కి ఫిజికల్ సైన్స్ ఇంగ్లీష్ మీడియంలో చెప్పాను. ఉప్పల్‌లో ఉంటాను, జూన్ మొదటి వారంలో చేరగలను. డెమోకి పిలిస్తే వస్తాను." కింద పేరు, నంబరు. అంతే.

మధ్యలో ఉన్న ఆ లైనే నీ ప్రొఫైల్. అందులో ఇంటర్న్‌షిప్‌ని ఇంటర్న్‌షిప్ అనే రాశాను, గమనించు. దాన్ని కూడా కలిపేసి "రెండేళ్ల అనుభవం" అని రాస్తే డెమో తర్వాత సర్వీస్ సర్టిఫికెట్ అడిగినప్పుడు నీళ్లు నమలాలి. టెట్ కూడా అంతే, ఊరికే "టెట్ క్వాలిఫైడ్" అనొద్దు. పేపర్ 1 ఒకటి నుంచి ఐదు తరగతులకి, పేపర్ 2 ఆరు నుంచి ఎనిమిదికి. పేపర్ నంబరు రాయకపోతే ఏ పేపరో చెప్పమని అడగాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఉప్పల్ అని రాయడం కూడా ఊరికే కాదు, దూరంగా మియాపూర్ నుంచి వచ్చే టీచర్ మూడో నెలలో మానేస్తుందేమోనని మాకు భయం ఉండేది.

జీతం గురించి మొదటి మెసేజ్‌లో అడక్కు, డెమో అయ్యాక మొహమాటపడకుండా అడుగు. సర్టిఫికెట్ల ఫొటోలు పదీ పంపొద్దు, రెజ్యూమె ఒక్కటి చాలు, దాని ఫైలుకి నీ పేరు, సబ్జెక్టు పెట్టు. అన్నట్టు, చేరేటప్పుడు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుంటామంటే జిరాక్స్‌లే ఇస్తానను. నా మొదటి ఉద్యోగంలో నా డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో పెట్టి తాళం వేశారు, మానేశాక తెచ్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

పొద్దున అసెంబ్లీ టైములో పంపకు, మధ్యాహ్నం మూడు దాటాక పంపు. ఫిబ్రవరి, మార్చిలో ఒక విడత ఖాళీలు తెలుస్తాయి. స్టేట్ సిలబస్ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మే చివర్లో చెప్పాపెట్టకుండా మానేసేవాళ్ల వల్ల ఇంకో విడత వస్తుంది. అందుకని ఇప్పుడు "ఖాళీల్లేవు" అన్నవాళ్లకే మే ఆఖరి వారంలో అదే మెసేజ్ మళ్లీ పంపు, ఈలోపు రోజూ గుర్తుచేస్తూ విసిగించకు.

ఒకే మెసేజ్ పది స్కూళ్లకి ఫార్వర్డ్ కొట్టకు, పైన ఫార్వర్డ్ అని కనిపిస్తుంది. ఒక్కోటీ టైప్ చెయ్యి. మొదటి రెండూ రాశాక నాకు పంపు, చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ