అమ్మ ఎవరికీ ఇచ్చేయలేని కానుక

ప్రశ్న: వచ్చే నెలలో మా అమ్మకు అరవై ఏళ్లు నిండుతాయి. ఏది కొన్నా “నాకెందుకు, వదినకు ఇవ్వు” అంటుంది. చీరలు, నగలు బీరువాలోనే ఉండిపోతున్నాయి. తాను వాడుకునేలా ఏమి ఇవ్వగలను?

జవాబు:

మా అమ్మ కూడా ఇదే కోవ. నా మొదటి జీతంతో కొన్న శాలువా పిన్నికి వెళ్లింది. వేడినీళ్ల సంచి నాన్న మోకాలికి వెళ్లింది. మిక్సీ కొంటే అది ఎలాగూ ఇంటికే. పదేళ్లు ఇలా ఓడిపోయాక నాకు తట్టినది ఒక్కటే: ఆమె కొలతకు మాత్రమే సరిపోయేది, మరొకరికి ఇచ్చినా పనికిరానిది ఇవ్వాలి. మా ఇంట్లో అది కళ్లజోడు అయింది. మొదటిసారి తప్పు చేశాను, రెండోసారి కుదిరింది. రెండూ చెబుతాను.

అమ్మకు చూపు తగ్గిందని మాకు చాలా కాలం తెలియలేదు, ఎందుకంటే తాను చెప్పలేదు. పనులు ఒక్కొక్కటే మానేసింది. జాకెట్లకు హుక్కులు కుట్టడం మానేసి “దర్జీ చేస్తాడులే” అంది. వారపత్రిక చదవడం మానేసి “అన్నీ ఒకేలాంటి కథలు” అంది. బియ్యంలో రాళ్లు ఏరమని నేను ఊరికి వెళ్లినప్పుడల్లా నా ముందు చేట పెట్టేది. కూతురు పక్కన కూర్చుంటుందని ఆశేమో అనుకున్నాను. ఒకసారి నాన్న బీపీ మాత్రల అట్ట పట్టుకుని, దాన్ని చేయి చాచినంత దూరం జరిపి చదవబోయి, చివరకు రంగు చూసి మాత్ర తీసింది. అప్పుడు అర్థమైంది. అప్పటికి ఆమె నాన్న పాత కళ్లజోడు వాడుతోంది, దాని ఒక కాడకు దారం చుట్టి ఉంది. 2018లో కంటి వెలుగు శిబిరం మా ఊరికి వచ్చినప్పుడు నాన్నను పంపింది, తాను వెళ్లలేదు. ఆ రోజు పొలంలో కూలీలు ఉన్నారు, వాళ్లకు అన్నం వండాలి కదా అంది.

నలభై దాటాక దగ్గరి చూపు మందగించడాన్ని మన పెద్దవాళ్లు చత్వారం అంటారు. చత్వారింశత్ అంటే నలభై, పేరులోనే వయసు ఉంది. కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బలేకపోవడమే దీనికి కారణం. అరవై వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పూర్తిగా పోతుంది కనుక, మీ అమ్మ ఇప్పటికే కళ్లజోడు వాడుతున్నా అది ఎప్పటిదో అడగండి. పదేళ్ల కిందటిదైతే అది ఆమెకు చాలదు.

ఇక నా తప్పు. నగరంలో ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లి ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించాను. పద్నాలుగు వేలు. పైభాగంలో దూరపు చూపు, కిందికి వచ్చేకొద్దీ దగ్గరి చూపు, మధ్యలో గీత ఉండదు, చూడ్డానికి బాగుంటాయి. బల్ల ముందు కూర్చుని పనిచేసే నాలాంటివాళ్లకు అవి సరే. అమ్మ ఆరిన బట్టల మోపుతో డాబా మీది నుంచి దిగుతుంది. కిందికి చూస్తే అద్దం కిందిభాగంలోంచి చూడాలి, అది నలభై సెంటీమీటర్ల దూరానికి చేసినది. మెట్టు అలుక్కుపోయినట్టు కనిపించి ఒకసారి కాలు తప్పింది, అదృష్టం కొద్దీ గోడ పట్టుకుంది. కత్తిపీట ముందు కూర్చుంటే గడ్డం పైకెత్తితే తప్ప కూర స్పష్టంగా కనిపించేది కాదు, అరగంటకే మెడ నొప్పి. నెల తిరగకుండా ఆ కళ్లజోడు పట్టుచీరల పక్కన చేరింది. “పెళ్లిళ్లకు పెట్టుకుంటాను” అంది. ఖరీదైన వస్తువుకు మా ఇంట్లో ఎప్పుడూ అదే గతి.

దుకాణంలో వాళ్లు ఆమె కళ్లను కొలిచారు గానీ, ఆమె రోజంతా ఏమి చేస్తుందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండోసారి వెళ్లే ముందు టేపు పట్టుకుని అమ్మ వెనకాల ఒక పూట తిరిగాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కంటికి, సూదికి మధ్య ముప్పై ఐదు సెంటీమీటర్లు. ఫోను, పత్రిక నలభై. కత్తిపీట యాభై ఐదు. పొయ్యి మీద గిన్నెలోకి చూస్తే అరవై. ఆమె “ఇదేమి పిచ్చి” అని నవ్వింది, కానీ కదలకుండా నిలబడింది. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని ఈసారి కంటి ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడ అద్దాలు పరీక్షించిన అమ్మాయి ఆ కాగితం చూసి సంతోషించింది. లెక్క సులువని చెప్పింది: దూరపు చూపు బాగున్నవాళ్లకు వందను పవర్‌తో భాగిస్తే, ఆ అద్దం ఎన్ని సెంటీమీటర్ల దగ్గర బాగా చూపుతుందో తెలుస్తుంది. రెండున్నర పవర్ అయితే నలభై. ఒకటీ ముప్పావు అయితే యాభై ఏడు. అమ్మకు దూరానికి అద్దాలు దాదాపు అక్కర్లేదు, నడకకు, మెట్లకు కళ్లే చాలు. అందుకని ఒకే జోడులో అన్నీ ఇరికించకుండా రెండు మామూలు కళ్లజోళ్లు రాసింది. కుట్టుకు, చదువుకు రెండున్నర, వంటింటికి ఒకటీ ముప్పావు. ఎడమ కంటికి కొద్దిగా సిలిండర్ కూడా ఉందని తేలింది, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనందుకు అద్దంలో వేసే పవర్. బజారులో దొరికే రెడీమేడ్ అద్దాలలో మామూలుగా సిలిండర్ ఉండదు, రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది. అమ్మ మధ్యలో సంతలో కొన్న జోడుతో తలనొప్పి అంటూ ఉండేది, కారణం అదే కావచ్చు.

రెండు జోళ్లకు కలిపి రెండు వేల ఐదు వందలు అయ్యాయి. మీ అమ్మగారికి దూరపు చూపుకు కూడా పవర్ ఉంటే ఈ లెక్క మారుతుంది, పైన దూరానికి, కింద దగ్గరికి రెండు పవర్లు ఉండే బైఫోకల్ అవసరం కావచ్చు. అప్పుడు కూడా మెట్లు దిగేటప్పుడు దాన్ని తీసేయాలో, తల వంచి పైభాగంలోంచి చూడాలో అక్కడే అడిగి, ఆసుపత్రి మెట్ల మీదే ఒకసారి నడిపించి చూడండి.

కళ్లద్దాల దుకాణంలో యంత్రం ముందు కూర్చోబెడితే పవర్ తెలుస్తుంది, కంటి వెనుక ఏముందో తెలియదు. ఆసుపత్రిలో కంటి లోపలి ఒత్తిడి కొలిచారు, చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి నరాన్ని, రెటీనాను చూశారు. ఒత్తిడి వల్ల నరం దెబ్బతినే జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే చూపును తినేస్తుంది కాబట్టి అరవైలో ఈ పరీక్ష వదలకండి. అమ్మకు కుడి కంటిలో శుక్లం అప్పుడే మొదలైంది. ఇప్పుడు ఆపరేషన్ వద్దు, ఏడాదికోసారి రమ్మన్నారు. శుక్లం పెరిగేకొద్దీ పవర్ మారుతుందట, అందుకే ఖరీదైన అద్దాలు చేయించవద్దని డాక్టరే చెప్పారు. నా పద్నాలుగు వేలు గుర్తొచ్చి నాన్న వైపు చూడలేదు. మరో మాట, మీ అమ్మగారికి మధుమేహం ఉండి చక్కెర బాగా ఎక్కువగా ఉంటే, అది అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచాకే అద్దాలు రాయించండి. చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు కటకం ఉబ్బి పవర్ తాత్కాలికంగా మారుతుంది, అప్పుడు రాసిన జోడు తర్వాత సరిపోదు.

ఇదంతా అమ్మ ఆసుపత్రి గడప ఎక్కితేనే కదా. “నీ కోసం వెళ్దాం” అంటే మూడు పండుగలు, రెండు పెళ్లిళ్లు, ఒక కోత అడ్డం వచ్చేవి. అందుకే నాన్న పేరుతో తేదీ తీసుకుని, తోడు రమ్మని, అక్కడ ఇద్దరి పేర్లూ రాయించాను. కంటిలో చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది, కత్తిపీట ముందు కూర్చోకూడదు. ఆ మాట వినగానే అమ్మ లేవబోయింది, రాత్రికి వంట ఎవరు చేస్తారని. ఉదయమే పప్పు, చారు చేసి పెట్టి వచ్చానని చెబితే కూర్చుంది. మీరు కూడా ఆ పూట వంట ముందే చేసి పెట్టండి, లేకపోతే చుక్కలు వేయించుకోకుండానే ఇంటికి వచ్చేస్తారు.

ఫ్రేము దగ్గర మరో యుద్ధం. దుకాణదారుతో ముందే మాట్లాడి, ఒకే ధర ఉన్న పది ఫ్రేములు మాత్రమే, చీటీలు తీసేసి ట్రేలో పెట్టించాను. అమ్మ అయినా “వీటిలో చవకది ఏది?” అని అడిగింది. అన్నీ ఒకటేనని ఆయన నిజమే చెప్పడంతో మొదటిసారి అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఎంచుకుంది. సన్నటి గోధుమరంగు ఫ్రేము. నేనైతే నల్లటిది తీసుకునేదాన్ని, తప్పు అయ్యేది.

ఇంటికి వచ్చాక తేలిన చిన్న సంగతులు ఉన్నాయి. ప్లాస్టిక్ అద్దాలను అమ్మ కొంగుతో తుడిచింది, వారంలో గీతలు పడ్డాయి. మెడలో వేసుకునే తాడు తెస్తే “ముసలిదాన్ని చేస్తావా” అంది. పొయ్యికి దూరంగా, చేతికి అందే ఎత్తులో ఒక కొక్కెం కొట్టి వంటింటి జోడు దానికే తగిలించాం, పక్కనే మెత్తటి గుడ్డ. కుట్టు జోడు కుట్టుమిషను సొరుగులో. అవి చోటు మారకపోవడం వల్లే వాడకం నిలిచింది. వంటింట్లో దీపం ఆమె వెనక ఉండేది, తన నీడలో తానే కూరగాయలు తరుక్కునేది. గట్టు పైన అరకు అడుగున ఒక చిన్న ఎల్‌ఈడీ ట్యూబు బిగించాం. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది, అద్దాలు ఎంత సరిగ్గా ఉన్నా ఆ లోటు దీపమే తీర్చాలి.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు చేట నా ముందుకు రాలేదు. అరుగు మీద కూర్చుని అమ్మే బియ్యం ఏరుతోంది. కుట్టు కళ్లజోడు మాత్రం పక్కింటి అత్తయ్య ముచ్చటపడిందని ఒక ఉదయం ఆమెకు ఇచ్చేసిందట. అత్తయ్యకు తల తిరిగి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకే తెచ్చి ఇచ్చేసిందట.