తెలుగు ప్రకటన, మూడు సైజుల్లో

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో రక్తదాన శిబిరం పెడుతున్నాం, అదే విషయం ఎస్సెమ్మెస్‌కి, ఫేస్‌బుక్‌కి, ఈమెయిల్‌కి ఎలా రాయాలి?

ముందు ఎస్సెమ్మెస్ రాయండి, ఎందుకంటే తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 క్యారెక్టర్లే, ఇంగ్లీషులోలా 160 కాదు, పైగా గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి, "స్త్రీ" ఒక్కటే 6 అవుతుంది. 70 దాటితే రెండు మెసేజ్‌ల డబ్బులు పోతాయి.

"ఆదివారం 12న ఉ.9-1 రక్తదానం, క్లబ్ హౌస్. తిని రండి."

ఇది స్పేసులతో కలిపి 50.

పోస్ట్‌లో కూడా మొదటి లైన్ ఇదే ఉంచేసి, దాని కింద ఎవరివ్వొచ్చో చెప్పండి: 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోలు.

ఈమెయిల్‌కి సబ్జెక్ట్‌లోనే తేదీ పెట్టండి. ఒకసారి రక్తమిచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజుల గ్యాప్ ఉండాలన్న రూల్, మందులు వాడేవాళ్లు ఎవర్ని అడగాలి, ఫోన్ నంబర్, ఇవన్నీ ఇక్కడే. టైమ్ మారితే మాత్రం మూడుచోట్లా మార్చండి, జనం ఒకటే చదువుతారు.