గుజ్జు ఫ్యాక్టరీకి ఇద్దరు బాసులు అవసరమా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పర్మనెంటు స్టాఫ్ 60 మంది. మూడేళ్ళ నుంచి బాటిల్ జ్యూస్ కూడా చేస్తున్నాం. మావాడు తిరుపతిలో ఎంబీఏ చివరి సంవత్సరం. ఫంక్షనల్ పద్ధతి పాతబడింది, డివిజన్లు కూడా వద్దు, నేరుగా మ్యాట్రిక్స్ పెడదాం అంటాడు. మాకు ఏది సరిపోతుంది? వాణ్ణి ఇప్పుడే వ్యాపారంలోకి తీసుకోవాలా, కొన్నాళ్ళు బయట ఉద్యోగం చేయనివ్వాలా?

జవాబు: చదువుకొచ్చిన కొడుకు, కష్టపడి నిలబెట్టినదాన్ని కదిపేస్తాడేమో అన్న బెంగ మీ ప్రశ్న అడుగున కనబడుతోంది. అంత బెంగ అక్కర్లేదు. మీవాడు జబ్బును సరిగ్గానే పట్టుకున్నాడు, మందు మాత్రం తప్పు రాశాడు.

కొనుగోళ్ళు, ప్రొడక్షన్, ల్యాబ్, సేల్స్, అకౌంట్స్ అని పని రకాన్ని బట్టి మనుషుల్ని విడగొట్టి, ప్రతి హెడ్డూ నేరుగా మీకే జవాబు చెప్పేలా మీరు నడుపుతున్నది ఫంక్షనల్ పద్ధతి. సరుకు ఒక్కటే అయినప్పుడు ఇంతకన్నా చవకైనది లేదు. కాయ కొనేవాడు కాయలోనే ఆరితేరతాడు, ల్యాబ్ ఒక్కటి ఉంటే చాలు. ఇది పాతబడిందన్న మాట నేనొప్పుకోను. 1997లో స్టీవ్ జాబ్స్ ఆపిల్‌కి తిరిగొచ్చి, విడివిడిగా లాభనష్టాలు చూసుకుంటున్న విభాగాలను రద్దు చేసి మొత్తం కంపెనీని ఫంక్షనల్ పద్ధతిలోకే తెచ్చాడు.

ఇది ఎక్కడ తెగుతుందో మీ జ్యూస్ లైన్‌లోనే చూడొచ్చు. జ్యూస్ ఎక్కువగా అమ్ముడుపోయేది మార్చి నుంచి మే దాకా. దానికి సీసాలు, మూతలు, లేబుళ్ళు జనవరిలోనే ఆర్డర్ పెట్టాలి. కానీ మీ కొనుగోళ్ళ హెడ్ బంగారుపాళెం, దామలచెరువు మండీల్లో పండినవాడు. కాయ టన్ను ఏ రేటుకి తెచ్చాడన్న దాన్నిబట్టే మీరు అతన్ని మెచ్చుకుంటారు. లేబుల్ ఆలస్యమైతే అతన్ని అడిగేవాడు ఎవడూ లేడు. ఇక జూన్, జులైల్లో తోతాపురి దిగితే బాయిలరూ మనుషులూ డబ్బూ అన్నీ గుజ్జుకే పోతాయి, జ్యూస్ ఆర్డర్ మూలన పడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరి శాఖ పని వాళ్ళు బాగానే చేస్తున్నారు, జ్యూస్ మొత్తానికి జవాబుదారీ మాత్రం ఎవరూ లేరు.

మీ కంపెనీ ఆ దశకు వచ్చిందో లేదో తేల్చుకోవడానికి 15 రోజులు ఒక నోట్‌బుక్ పెట్టండి. రెండు శాఖల మధ్య తేలక మీ దగ్గరికి వచ్చిన ప్రతి పంచాయితీనీ అందులో రాయండి. పక్కన అది గుజ్జుదా జ్యూస్‌దా అని కూడా రాయండి. సగానికి పైగా జ్యూస్ గురించే అయితే, జ్యూస్‌కి వేరే యజమాని కావాల్సిన వేళ వచ్చినట్టే.

అప్పుడు అవసరమయ్యేది డివిజనల్ పద్ధతి, అంటే సరుకుకో మేనేజరు, ఆ సరుకు కొనుగోళ్ళు, తయారీ, అమ్మకం, లాభనష్టాలు అతని చేతిలో. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1921లో ఇలా మారింది కూడా ఇందుకే. పేలుడు పదార్థాలు చేసే కంపెనీ రంగులు, రసాయనాల్లోకి దిగాక పాత శాఖలు ఆ కొత్త సరుకుల్ని సరిగ్గా పట్టించుకోలేకపోయాయి. అయితే మీ సైజుకి అన్నిటినీ రెండుగా చీల్చకండి. బాయిలరు, ల్యాబ్, అకౌంట్స్ ఉమ్మడిగానే ఉండాలి. రెండో ల్యాబ్ పెడితే ఆ జీతాలే జ్యూస్ లాభాన్ని తినేస్తాయి.

ఇక్కడ గొడవ మొదలయ్యేది గుజ్జు రేటు దగ్గర. లెక్క కోసం మీ గుజ్జు తయారీ ఖర్చు కిలోకి 60 రూపాయలు, బయట అమ్మకం ధర 75 అనుకుందాం. జ్యూస్ డివిజన్ ఏడాదికి 20 టన్నులు వాడుతుంది. ఖర్చు ధరకే ఇచ్చి, జ్యూస్‌కి 2 లక్షల లాభం చూపిస్తే అందరూ సంతోషిస్తారు. అదే గుజ్జుని బయటి ధరకి లెక్కేస్తే కిలోకి 15 చొప్పున 3 లక్షలు అదనపు ఖర్చు పడి, ఆ లాభం లక్ష నష్టంగా మారుతుంది. బయట కొనేవాడు ఉన్నంతకాలం రెండో లెక్కే నిజం, ఎందుకంటే ఆ డ్రమ్ములు ఎక్స్‌పోర్టర్‌కి అమ్ముకోగలిగేవారే కదా. ఈ రేటు సీజన్‌కి ముందే కాగితం మీద పెట్టకపోతే, డివిజన్ చేసిన మరుసటి ఏడాదే ఇంట్లో పోట్లాట తప్పదు.

ఇక మ్యాట్రిక్స్. ఎంబీఏ క్లాసుల్లో దీనికున్న మోజు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఒకే మనిషి ఇద్దరికి జవాబు చెప్పాలి, శాఖ హెడ్‌కీ, సరుకు మేనేజర్‌కీ. ఇది అమెరికా విమాన, అంతరిక్ష కంపెనీల్లో 1960ల్లో బలపడిందంటే కారణం ఉంది. అక్కడ అరుదైన ఇంజనీర్లు కొద్దిమందే, ఒకేసారి నడిచే ప్రాజెక్టులు చాలా. ఐటీ, కన్సల్టింగ్ కంపెనీల్లో ఇప్పటికీ నడుస్తోంది. కానీ 1988లో రెండు కంపెనీలు కలిసి పుట్టిన ఏబీబీ, ప్రపంచమంతా మ్యాట్రిక్స్‌కి పేరు మోసి కూడా, 1998లో దాన్ని పక్కన పెట్టింది.

మీ ల్యాబ్‌లోకి తెచ్చి చూడండి. జూన్‌లో కంటైనర్ గేటు దగ్గర ఉంది, గుజ్జు మేనేజరు బ్రిక్స్, ఆమ్లం రిపోర్ట్ గంటలో కావాలంటాడు. జ్యూస్ మేనేజరు తన బ్యాచ్‌కి టెస్ట్ ఇప్పుడే మొదలుపెట్టమంటాడు. కెమిస్ట్ ఎవరి మాట వినాలి? ఏ పని, ఎప్పటికి అన్నది సరుకు మేనేజరు చెప్పాలి. ఎలా చేయాలి, సరుకు పాసా ఫెయిలా అన్నది ల్యాబ్ హెడ్ చెప్పాలి. ఇద్దరికీ తేలకపోతే ఎవరు తేల్చాలో, సెలవు చీటీ మీదా జీతం పెంపు మీదా ఎవరు సంతకం పెట్టాలో రాసి ఉండాలి. ఇవి రాసుకోని చోట మ్యాట్రిక్స్ అంటే రోజుకో మీటింగే. అమ్మాల్సినవాడి చేతికి పాస్ చేసే అధికారం పోయిందంటే తిరిగొచ్చే కంటైనర్లు లెక్కపెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురు కెమిస్టులున్న ల్యాబ్‌కి ఈ తతంగం ఎందుకు?

ఇంకో మాట, కోపగించుకోకండి. మీలాంటి ఫ్యాక్టరీల్లో మ్యాట్రిక్స్ చాలాసార్లు ముందే ఉంటుంది, పెట్టేది యజమానే. ప్రొడక్షన్ హెడ్ ఒకటి చెబితే, ఆయన్ని దాటి నేరుగా షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఇంకోటి చెబుతారు. మీకా అలవాటు ఉంటే, ఏ చార్టు గీసినా పనిచేయదు. కొడుకుని తప్పు పట్టేముందు ఆ ఫోన్లు ఆపండి.

అబ్బాయి విషయానికొస్తే, పరీక్షలవగానే మూడు నెలలు సీజన్ చూడనివ్వండి, హోదా ఏమీ వద్దు. ఆగస్టులో జ్యూస్ లైన్ ఒక్కటీ అతనికివ్వండి. విడి లెక్కల పుస్తకం, బయటి ధరకి గుజ్జు, లేబుళ్ళూ సీసాలూ కొనే అధికారం, ఒక సేల్స్ మనిషి. ల్యాబ్ మాత్రం మీ కిందే ఉండాలి. బయట ఉద్యోగం చేయాలని అతనికే ఉంటే రెండేళ్ళు పంపండి. అయితే మీ గుజ్జు కొనే పానీయాల కంపెనీలాంటి చోటైతే మేలు, కొనేవాడి వైపు నుంచి నాణ్యత ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది. ఇంట్లోనే ఉంటానంటే, వచ్చే మే నెలాఖరుకి అతని లెక్క తేలుతుంది. లక్ష నష్టం వచ్చినా తిట్టకుండా, ఆ నష్టం గుజ్జు రేటు వల్లా, ఆలస్యమైన లేబుళ్ళ వల్లా అన్నది అతని చేతే చెప్పించండి.