హెల్ప్ డెస్క్ దగ్గర మొదటి మాట: మిమ్మల్ని ఏమని పిలవాలి?

విదేశానికి చదువుకోవడానికి వచ్చి ఇంకా ఏడాది నిండని ఒక తెలుగు విద్యార్థిని నన్ను ఒక సందేహం అడిగింది. విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ విద్యార్థుల హెల్ప్ డెస్క్ దగ్గర ఆమెకు పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. వేరే దేశం నుంచి ఆ ఉదయమే దిగిన విద్యార్థి కౌంటర్ ముందు నిలబడితే మొదట ఏం మాట్లాడాలో ఆమెకు తెలియడం లేదు. అలాంటి కౌంటర్ వెనుక చాలా ఏళ్లు పనిచేసినవాడిగా, ఆ మొదటి అయిదు నిమిషాల గురించి నాకు తెలిసినది చెబుతాను.

మొదట మీ పేరు, అక్కడ మీరు చేసే పని ఒక్క వాక్యంలో నిదానంగా చెప్పి, కూర్చోమనండి. పాస్‌పోర్ట్ చూపించమని మొదటి మాటగా అడగవద్దు. ఆ విద్యార్థి అంతకుముందు నిలబడిన కౌంటర్ బహుశా విమానాశ్రయంలోని ఇమ్మిగ్రేషన్ కౌంటరే అయి ఉంటుంది. అక్కడ వినిపించిన మాటే ఇక్కడా వినిపిస్తే, మీరు కూడా తనను తనిఖీ చేసే అధికారి అనుకొని, అడిగినంతవరకే జవాబు చెప్పి ఊరుకుంటాడు. తన అసలు ఇబ్బంది బయటపెట్టడు.

రెండో మాటగా, మిమ్మల్ని ఏమని పిలవాలి అని అడగండి. ఫస్ట్ నేమ్ ఏది, లాస్ట్ నేమ్ ఏది అని అడగవద్దు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఆ ప్రశ్నలోని చిక్కు వేరే చెప్పనక్కరలేదు. చైనా, కొరియా, హంగరీ వాళ్లు కూడా కుటుంబం పేరే ముందు చెబుతారు. స్పానిష్ మాట్లాడే దేశాల వాళ్లలో చాలామందికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ఇండోనేషియాలో ఒకే ఒక్క పేరున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ విద్యార్థి చెప్పిన పేరును మీరు ఒకసారి పలికి, సరిగా ఉందా అని అడిగి, మీకు వినిపించినట్టుగా తెలుగులో కాగితం మీద రాసుకోండి. మన లిపిలో రాసుకుంటే రెండోసారి పలకడం సులువవుతుంది.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒకే పేరున్న విద్యార్థి ఒకరు వచ్చారు. మా దరఖాస్తు ఫారంలో రెండు గళ్లూ తప్పనిసరిగా నింపాలి కాబట్టి, అడ్మిషన్ సమయంలో ఎవరో ఆ ఒక్క పేరునే రెండు గళ్లలోనూ రాశారు. నేను స్క్రీన్ మీద కనిపించినట్టే ఆ పేరును రెండుసార్లు కలిపి పిలిచాను. అతను చిన్నగా నవ్వి తల ఊపాడు. పిలుపులో తప్పు ఉందని ఆ నవ్వు చెబుతున్నా నేను గ్రహించలేదు. మూడు రోజుల తరువాత అతని ఐడీ కార్డు జంట పేరుతో అచ్చయి వచ్చింది. బ్యాంకులో ఖాతా తెరవబోతే, పాస్‌పోర్ట్‌లోని పేరు, విశ్వవిద్యాలయం ఇచ్చిన లేఖలోని పేరు కలవలేదని తిప్పి పంపారు. నేను పేరు అడిగి ఉంటే ఇది మొదటి రోజే తెలిసేది.

అందుకే పలకరింపు అయ్యాక, ఆ విద్యార్థి అనుమతితో పాస్‌పోర్ట్ తీసుకొని, ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలను చూడండి. ఏ దేశపు పాస్‌పోర్ట్ పుస్తకంలోనైనా పై వరుసలో 44 అక్షరస్థానాలు ఉంటాయి. నమూనా కోసం ఊహించిన దేశం పేరుతో చూపించే వరుస ఇలా ఉంటుంది:

```
P<UTOERIKSSON<<ANNA<MARIA<<<<<<<<<<<<<<<<<<<
```

దేశానికి సంబంధించిన మూడక్షరాల తరువాత వచ్చేది ప్రధాన నామం, అంటే సాధారణంగా ఇంటిపేరు. ఆ తరువాత జంటగా వచ్చే `<<` గుర్తు దాటితే మిగిలిన పేర్లు, వాటి మధ్య ఒంటి `<` గుర్తు ఉంటాయి. జంట గుర్తు తరువాత మరో పేరు లేకుండా చివరిదాకా ఆ గుర్తులే ఉంటే, పేరును రెండు భాగాలుగా విడదీయలేదని అర్థం. అలాంటప్పుడు పాస్‌పోర్ట్, అడ్మిషన్ లెటర్, మీ స్క్రీన్ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మీరే దిద్దవద్దు. ఐడీ కార్డు అచ్చు కాకముందే రిజిస్ట్రార్ ఆఫీసుకు తెలియజేయండి. ఒకే పేరున్నవారికి రెండో గడిలో ఏం రాయాలన్నది ఒక్కో సంస్థలో ఒక్కో విధంగా ఉంటుంది. ఆ నిర్ణయం వాళ్లదే. ఇంకో మాట, పాస్‌పోర్ట్ నంబరును, వీసా వివరాలను వెనుక వరుసలో నిలబడినవారికి వినిపించేలా చదవకండి.

పేరు తరువాత నేను ఎక్కువ జాగ్రత్త పడేది ప్రశ్న అడిగే తీరులో. ఇక్కడ తెలుగువాళ్లమైన మనకు ఒక సౌలభ్యం ఉంది. “మీకు ఇంకా గది దొరకలేదా?” అని తెలుగులో అడిగితే, దొరకనివాడు “అవును, దొరకలేదు” అంటాడు. ఇంగ్లీషులో అదే స్థితిలో “నో” అనాలి. జపనీస్, చైనీస్, కొరియన్ మాట్లాడేవాళ్లు కూడా మనలాగే ప్రశ్నలోని మాటను ఒప్పుకొని “అవును” అంటారు. మా డెస్క్ దగ్గర ఒక సహోద్యోగి ఇలాగే ఒక అమ్మాయిని గది దొరకలేదా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె “యెస్” అంది. గది ఉందనుకొని అతను ఆ గడిలో టిక్ పెట్టి పంపేశాడు. సాయంత్రం ఆమె రెండు పెట్టెలతో లైబ్రరీ వసారాలో కూర్చొని కనిపించింది. కాబట్టి “లేదా”, “రాలేదా” అనే రూపంలో అడగకండి, అవును కాదులతో తేలిపోయే ప్రశ్న కూడా వద్దు. “ఈ రాత్రి ఎక్కడ ఉంటున్నారు?” అని అడిగితే ఆ విద్యార్థి ఒక చోటు పేరో, చిరునామాయో చెప్పాలి. చెప్పలేకపోతే మిగిలిన పనులన్నీ ఆపి ఆ సంగతి చూడండి.

అదే విధంగా, “అర్థమైందా?” అన్న ప్రశ్నకు అలసిన మనిషి అవుననే అంటాడు. నిద్ర లేకుండా సగం ప్రపంచం దాటి వచ్చినవాడికి ఇంకో భాషలో పది విషయాలు చెబితే నిలవవు. ఆ రోజు తప్పనిసరిగా జరగవలసిన ఒకటి రెండు పనులే చెప్పండి. వాటిలో ఒకటి ఫోన్. క్యాంపస్ వైఫైకి లాగిన్ కావాలి, ఆ లాగిన్ తెరవడానికి వచ్చే కోడ్ స్వదేశపు నంబరుకు వెళుతుంది, ఆ సిమ్ ఇక్కడ పనిచేయదు. ఈ ముడి చాలామందికి పడుతుంది. అతిథుల వైఫైకి అక్కడికక్కడే కలిపి ఇస్తే, ఇంటికి కబురు పంపుకొని కాస్త స్థిమితపడతారు.

వీసా నిబంధనల గురించి అడిగితే, మీకు జవాబు తెలిసినట్టు అనిపించినా చెప్పకండి. మీ సొంత వీసా అనుభవం వాళ్ల దేశానికి, వాళ్ల కోర్సుకు వర్తించకపోవచ్చు. కొన్ని దేశాల్లో అర్హత పొందినవారే ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలన్న చట్టం కూడా ఉంది. “ఇది అడ్వైజర్ చెప్పవలసిన విషయం, నేను మీకు సమయం తీసుకుంటాను” అని, వీలైతే ఆ గది దాకా తోడు వెళ్లి, విద్యార్థి పేరును మీరు నేర్చుకున్న విధంగానే పలికి అప్పగించండి. అక్కడ అతను మళ్లీ మొదటి నుంచి పేరు చెప్పుకోవలసిన పని తప్పుతుంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద తరువాతి పని, కలవవలసిన మనిషి పేరు, గది నంబరు, సమయం పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఆ తరువాత “ఇక్కడి నుంచి ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నారు?” అని అడిగి, ఆ విద్యార్థి తన మాటల్లో చెప్పేదాకా ఆగండి. చెప్పినది మీరు రాసినదానితో కలిస్తే, వరుసలో తరువాతివారిని పిలవవచ్చు.