ఆ 'ఎందుకంటే' కారణం చెబుతోందా, రుజువు చూపుతోందా?

సందేహం: "డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. ఎందుకంటే ఒక భారీ గ్రహశకలం భూమిని ఢీకొట్టింది. ఆ కాలపు మట్టిపొరలో ఇరిడియం అనే లోహం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది." ఈ పేరా వాదన అని మా స్నేహితుడు, వివరణ అని నేను. 'ఎందుకంటే' ఉంటే అది వాదనే అవుతుందని అతని పట్టు. ఎవరిది సరైనది?

సమాధానం: మీ స్నేహితుడు 'ఎందుకంటే' మీద పెట్టుకున్న నమ్మకం చెల్లదు. అలాగని పేరా మొత్తాన్ని మీ ఖాతాలో వేయడానికీ లేదు. చిన్న వాక్యాలతో మొదలుపెడితే సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

"రోడ్డు తడిగా ఉంది, ఎందుకంటే రాత్రి వాన పడింది."
"రాత్రి వాన పడింది, ఎందుకంటే రోడ్డు తడిగా ఉంది."

రెండూ మంచి తెలుగే, రెండింట్లోనూ అదే 'ఎందుకంటే'. మొదటి వాక్యం వినేవాడికి రోడ్డు తడి కళ్లముందే ఉంది, దాని మీద అతనికి అనుమానం లేదు. అది ఎలా వచ్చిందో మాత్రమే చెబుతున్నాం. ఇది వివరణ. రెండో వాక్యం వినేవాడు రాత్రంతా నిద్రపోయాడు, వాన సంగతి అతనికి తెలియదు. ఒప్పించడానికి తడిని చూపిస్తున్నాం. ఇది వాదన. మన తర్కశాస్త్రంలో ఈ రెండు రకాల హేతువులకూ పేర్లున్నాయి. పనిని పుట్టించేది కారక హేతువు, తెలియజేసేది జ్ఞాపక హేతువు. వాన తడికి కారకం, తడి వానకు జ్ఞాపకం.

'ఎందుకంటే', 'కాబట్టి', 'అందుకని' రెండు పనులకూ వస్తాయి కనుక వాటిని చూసి ఏమీ తేల్చలేం. 'వల్ల' మాత్రం కొంచెం పట్టింపు ఉన్న మాట. "రాత్రి వాన పడడం వల్ల రోడ్డు తడిగా ఉంది" అంటే చక్కగా ఉంది. "రోడ్డు తడిగా ఉండడం వల్ల రాత్రి వాన పడింది" అంటే నవ్వొస్తుంది, తడి వెళ్లి వానను కురిపించినట్టుంది. అదే వాక్యానికి చివర 'అని తెలుస్తోంది' తగిలించి చూడండి: "రోడ్డు తడిగా ఉండడం వల్ల రాత్రి వాన పడిందని తెలుస్తోంది." ఇప్పుడు ఇబ్బంది పోయింది. తడి వానకు కారణం కాదు గానీ, వాన పడిందని మనకు తెలియడానికి కారణమే. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని చెప్పే పాత తర్క ఉదాహరణను కొందరు మాటకు మాటగా తెలుగు చేసి, "పొగ ఉండడం వల్ల కొండ మీద నిప్పు ఉంది" అని రాస్తుంటారు. చదివినవాడికి పొగలోంచి నిప్పు పుట్టినట్టు అనిపిస్తుంది. "పొగ కనిపిస్తోంది కాబట్టి నిప్పు ఉండి ఉండాలి" అంటే సరిపోయేది.

ఈ 'వల్ల' పరీక్షకు ఒక హద్దు ఉంది. "మబ్బులు దట్టంగా కమ్మాయి కాబట్టి వాన పడుతుంది" అన్న వాక్యంలో 'వల్ల' పెట్టినా నిలుస్తుంది, ఎందుకంటే మబ్బు వానకు నిజంగానే కారణం. అయినా అది వాదనే. వాన ఇంకా పడలేదు, పడుతుందని ఒప్పిస్తున్నాం. అంటే 'వల్ల' నప్పకపోతే వాదన అని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు, నప్పితే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ రెండు మాటల్లో చదివేవాడు ముందే ఒప్పుకున్నది ఏది, ఒప్పుకోవాల్సి ఉన్నది ఏది?

ఇక మీ పేరా. డైనోసార్లు అంతరించాయన్నది ఎవరూ కాదనని విషయం (పక్షులు వాటి సంతతే కదా అనే శాస్త్రవేత్తల మాటను కాసేపు పక్కన పెడదాం). రెండో వాక్యం దానికి కారణం చెబుతోంది. ఇక్కడి వరకూ మీరన్నట్టు వివరణే. చిక్కంతా మూడో వాక్యంతోనే. దాన్ని ఏ మాటా ముందు వాక్యాలతో కలపలేదు, అందుకే అది కూడా వివరణలో భాగమే అనిపిస్తుంది. 'వల్ల' పెట్టి చూడండి. "మట్టిపొరలో ఇరిడియం ఎక్కువగా ఉండడం వల్ల డైనోసార్లు అంతరించాయి" అంటే ఇరిడియం వాటిని చంపినట్టు అవుతుంది. "ఇరిడియం ఎక్కువగా ఉండడం వల్ల గ్రహశకలం ఢీకొట్టింది" అన్నది అంతకంటే వింత. "ఢీకొట్టిందని తెలుస్తోంది" అంటేనే కుదురుతుంది. కాబట్టి మూడో వాక్యం ఊతమిచ్చేది రెండోదానికి, మొదటిదానికి కాదు. భూమి పైపొరలో ఇరిడియం చాలా అరుదు, ఉల్కల్లో దానికంటే ఎంతో ఎక్కువ. ఒకే పలుచని పొరలో అది కుప్పపడిందంటే పైనుంచి వచ్చి ఉండాలన్నది ఆ వాదన. మొదటి రెండు వాక్యాలూ వివరణ, చివరి రెండూ కలిసి వాదన. నడిమి వాక్యం రెండింట్లోనూ ఉంది, మీ ఇద్దరి గొడవకూ మూలం అదే.

పైగా ఆ వాక్యం హోదా కాలంతో పాటు మారింది. 1980లో భౌతిక శాస్త్రవేత్త లూయీ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి ఇటలీలోని గుబ్బియో దగ్గరి మట్టిపొరలో ఇరిడియం సుమారు 30 రెట్లు పెరిగిందని ప్రకటించినప్పుడు, గ్రహశకలం ఢీకొనడమే పెద్ద వివాదం. అప్పుడు అది నిరూపించాల్సిన మాట. తర్వాత మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర భూమిలో కప్పబడిపోయిన సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గొయ్యిని అదే కాలానికి చెందినదిగా గుర్తించారు. ఇప్పుడు పాఠ్యపుస్తకంలో అదే వాక్యం ఒప్పుకున్న విషయంగా వచ్చి కూర్చుంటుంది. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, చదివేవాళ్లు మారారు.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇరిడియం రుజువు చేసేది ఢీకొనడాన్ని మాత్రమే. ఆ దెబ్బ వల్లే డైనోసార్లు పోయాయనడానికి విడిగా ఇంకో వాదన కావాలి. దాదాపు అదే కాలంలో దక్కన్‌లో భారీగా లావా పొంగిందని, అంతరించడంలో దాని వాటా కూడా ఉందని వాదించే శాస్త్రవేత్తలు ఉన్నారు. వివరణ విన్నప్పుడు "అంతరించాయనడానికి ఆధారం ఏదీ?" అని అడగడం అనవసరం. "కారణం అదేననడానికి ఆధారం ఏదీ?" అని అడగడం న్యాయం. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తే సగం చర్చలు దారితప్పుతాయి.

దీనికి తిరగేసిన మోసం ఇంకొకటి ఉంది, అది మన వ్యాకరణంలోనే దాక్కుంటుంది. "పిల్లల్లో ఏకాగ్రత తగ్గడానికి కారణం ఫోన్లే" అన్న వాక్యం చూడండి. 'తగ్గడానికి కారణం' అన్నప్పుడే తగ్గిందని ఒప్పుకున్నట్టు. వినేవాళ్లు ఫోన్లా, నిద్రలేమా, చదువుల టెన్షనా అని కారణం మీద కొట్టుకుంటారు. అసలు తగ్గిందా, ఎవరు కొలిచారు అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. వాక్యం వివరణ రూపంలో ఉంది, కానీ అది ఒప్పుకున్నట్టు చూపే విషయమే నిరూపణ కాలేదు. "తగ్గింది" అని విడి వాక్యంగా రాసి ఉంటే ఎవరైనా ఆగి అడిగేవారు. '-డానికి కారణం' కనిపించిన చోట ఆ క్రియను బయటికి లాగి, పూర్తి వాక్యంగా చేసి, అది మీరు ఒప్పుకున్నదేనా అని ఒకసారి చూసుకోండి.